టైటిల్, హెడ్డింగ్, లింకు మాట: సెర్చ్ ఇంజిన్ వీటిని ఎలా చదువుతుంది

2000ల దశకంలో గూగుల్‌లో "click here" అని వెతికితే మొదట వచ్చే ఫలితం అడోబీ రీడర్ డౌన్‌లోడ్ పేజీ. ఆ పేజీ ఆ రెండు మాటల గురించి రాసింది కాదు. అప్పట్లో పీడీఎఫ్ ఫైల్ పెట్టిన సైట్లు దాని పక్కనే "ఇది తెరవాలంటే రీడర్ కావాలి, click here" అన్న అర్థంలో ఒక వాక్యం రాసి, ఆ చివరి రెండు మాటల మీద అడోబీ పేజీకి లింకు ఇచ్చేవి. అలాంటి సైట్లు లెక్కలేనన్ని. సెర్చ్ ఇంజిన్ ఆ మాటల్ని లింకు ఉన్న పేజీకే కాక, లింకు చేరే పేజీకి కూడా జమకట్టింది. తన గురించి తాను చెప్పుకోని మాటకి ఆ పేజీ మొదటి స్థానంలో నిలిచింది.

పేజీని సెర్చ్ ఫలితాల్లో పైకి తెచ్చే పని, అంటే ఎస్‌ఈవో, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చే జాబితాల్లో మూడు పనులు ఒకే వరసలో కనిపిస్తాయి: కీవర్డ్ టైటిల్‌లో పెట్టాలి, హెడ్డింగ్‌లో పెట్టాలి, లింకులో పెట్టాలి. మూడూ ఒకే రకం పనులన్నట్టు ఉంటుంది. అందుకే చాలామంది ఒకే మాటని మూడు చోట్లా అతికించి ఊరుకుంటారు. కానీ అవి మూడు వేరు వేరు సాక్ష్యాలు. టైటిల్ అంటే పేజీ మొత్తం గురించి దాన్ని రాసినవాళ్లు చెప్పిన మాట. హెడ్డింగ్ దాని కింద ఉన్న భాగం గురించి చెప్పిన మాట. లింకు మీద కనిపించే మాట, అంటే యాంకర్ టెక్స్ట్, ఈ పేజీ గురించి మరో పేజీ చెప్పిన మాట. ఎవరు చెప్పారు, దేని గురించి చెప్పారు అన్న తేడా ఇండెక్స్‌లో ఎలా నమోదవుతుందో తెలిస్తే, ఎక్కడ ఏం రాయాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

## ఇండెక్స్‌లో మాట నమోదయ్యే తీరు

క్రాలర్ పేజీని తెచ్చాక ఇండెక్సర్ దాన్ని మాటలుగా విడగొడుతుంది. పాఠ్యపుస్తకం చివర పదసూచికలో ఒక్కో మాట ఎదురుగా పేజీ నంబర్లు ఉన్నట్టే, ఇక్కడ ఒక్కో మాట ఎదురుగా ఆ మాట ఉన్న వెబ్ పేజీల వరస ఉంటుంది. ఎవరైనా "ఆవకాయ కొలతలు" అని వెతికితే, ఆ క్షణాన వెబ్ అంతా తిరగడం జరగదు. "ఆవకాయ" వరస, "కొలతలు" వరస తీసి, రెండిట్లోనూ ఉన్న పేజీల్ని పక్కకి పెట్టి, వాటిని క్రమంలో పేర్చడం జరుగుతుంది.

పేర్చాలంటే పేజీ నంబరు ఒక్కటే సరిపోదు. మాట ఆ పేజీలో ఎక్కడ ఉందో కూడా రాసిపెట్టుకోవాలి. సెర్గే బ్రిన్, లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1998లో గూగుల్ నిర్మాణం మీద ప్రచురించిన పేపర్‌లో ఈ భాగం చాలా స్పష్టంగా ఉంటుంది. ఒక మాట ఒక పేజీలో ఒకసారి కనిపిస్తే దాన్ని వాళ్లు "హిట్" అన్నారు. ఒక్కో హిట్‌కి రెండు బైట్లు కేటాయించారు. టైటిల్, యూఆర్‌ఎల్, యాంకర్ టెక్స్ట్, మెటా ట్యాగ్‌లలో వచ్చినవి "ఫ్యాన్సీ హిట్లు". మిగతావి మామూలు హిట్లు. మామూలు హిట్‌లో మాట స్థానం, ఇంగ్లిష్‌లో అయితే పెద్దక్షరమా కాదా, అక్షరాల సైజు ఎంత అనేవి ఉండేవి. ఆ సైజుని కూడా ఆ పేజీలోని మిగతా పాఠంతో పోల్చి రాసుకునేవారు. పేజీ అంతా పెద్ద అక్షరాలతో నింపితే ఏ మాటకీ అదనంగా ఏమీ రాదన్నమాట.

టైటిల్ హిట్లు, యాంకర్ హిట్లు ఉన్న వరసల్ని వాళ్లు విడిగా ఒక చిన్న నిల్వలో ఉంచారు. వెతికినప్పుడు ముందు దాన్ని చూసి, అక్కడ సరిపడా పేజీలు దొరక్కపోతేనే పెద్ద నిల్వలోకి వెళ్లేవారు. మాట పేజీలో ఎక్కడో మధ్యలో మాత్రమే ఉంటే, ఆ పేజీ వంతు వచ్చేసరికే ఆలస్యం అయిపోయేది.

ఇప్పటి గూగుల్ ఆనాటి దానికంటే ఎంతో సంక్లిష్టం. అయినా ఈ విభజన పోలేదు. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసులో 2025లో బయటికి వచ్చిన పత్రాల్లో, వెతికిన మాటకీ పేజీకీ ఉన్న పొందికని కొలిచే మూల సంకేతాల్ని ఆ సంస్థ ఇంజనీర్ ఒకరు ఏ, బి, సి అని చెప్పారు. ఏ అంటే యాంకర్లు, బి అంటే పేజీలోని పాఠం, సి అంటే క్లిక్కులు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత కూడా లింకు మీది మాట మొదటి అక్షరంగానే ఉంది.

## మళ్లీ మళ్లీ రాస్తే ఎందుకు పెరగదు

1998 పేపర్‌లోనే ఇంకో మాట ఉంది. హిట్ల సంఖ్య పెరిగేకొద్దీ మొదట్లో స్కోరు పెరుగుతుంది గానీ, త్వరలోనే ఆ పెరుగుదల నీరసపడిపోతుంది, ఒక హద్దు దాటాక ఇంకెన్నిసార్లు రాసినా లాభం ఉండదు. సెర్చ్ రంగంలో విస్తృతంగా వాడే బీఎం25 అనే సూత్రం కూడా ఇదే పని చేస్తుంది. 2004లో రాబర్ట్‌సన్, జరగోజా, టేలర్ అనే పరిశోధకులు దాన్ని టైటిల్, పాఠం, యాంకర్ లాంటి వేరు వేరు భాగాలకి విస్తరించారు. ముందు ఒక్కో భాగంలోని హిట్లకి ఆ భాగం బరువు వేసి కలిపి, ఆ మొత్తాన్ని నీరసపడే సూత్రంలో పెడతారు.

దీన్ని ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. కింద వాడిన బరువులు లెక్క అర్థం కావడానికి ఎంచుకున్నవి. ఏ సెర్చ్ ఇంజినూ తన అసలు బరువుల్ని బయటపెట్టదు. పేజీ పాఠంలో ఒక హిట్‌కి 1, టైటిల్‌లో ఒక హిట్‌కి 5 అనుకుందాం. మొత్తం బరువుని w అంటే, ఆ మాటకి వచ్చే స్కోరు ఇది:

```
score = w / (w + 1.2)
```

ఒక పేజీ పాఠంలో "ఆవకాయ" ఒకసారి, "కొలతలు" ఒకసారి ఉన్నాయి. టైటిల్‌లో ఏమీ లేకపోతే ఒక్కో మాటకి 1 / 2.2, అంటే దాదాపు 0.45. రెండూ కలిపితే 0.9 చిల్లర.

ఇప్పుడు టైటిల్‌లో "ఆవకాయ" రెండుసార్లు పెట్టామనుకుందాం. ఆ మాట బరువు 5 + 5 + 1 = 11, స్కోరు 0.90. "కొలతలు" మాత్రం 0.45 దగ్గరే ఉండిపోయింది. మొత్తం 1.35. దాని బదులు టైటిల్‌లో "ఆవకాయ కొలతలు" అని ఒక్కోసారి పెడితే రెండు మాటలకీ బరువు 6, స్కోరు 0.83 చొప్పున. మొత్తం 1.66 దాటింది. టైటిల్‌లో ఉన్న చోటు రెండు సందర్భాల్లోనూ ఒకటే. మొదటిసారి ఆ చోటు ఇప్పటికే తెలిసిన సంగతిని తిరిగి చెప్పడానికి ఖర్చయింది. రెండోసారి కొత్త సంగతి చెప్పింది.

పాఠంలో ఒకే మాటని పది సార్లు రాస్తే ఈ సూత్రం ప్రకారం 0.89 వస్తుంది, ముప్ఫై సార్లు రాస్తే 0.96. ఇరవై సార్లు అదనంగా రాసి, చదివేవాళ్లని విసిగించి సంపాదించింది 0.07. నిజమైన సెర్చ్ ఇంజిన్లు ఇలాంటి కూరుడుని స్పామ్‌గా గుర్తిస్తాయి కాబట్టి అసలు పరిస్థితి ఈ లెక్క చూపించిన దానికంటే అధ్వాన్నంగానే ఉంటుంది.

## ఒక వంటల సైట్, ఒక ఆవకాయ పేజీ

మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో చూడటానికి నలభై వంటకాలున్న ఒక తెలుగు వంటల సైట్ ఊహించుకుందాం. అందులో ఆవకాయ పేజీ కోడ్‌లో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

```html
<title>హోమ్</title>
<h1><img src="logo.png"></h1>
<p><b>కావలసినవి</b></p>
```

సైట్ మొదటి పేజీ నుంచి దీనికి వచ్చే లింకు ఇది:

```html
<a href="/post?id=37">పూర్తిగా చదవండి</a>
```

చూడ్డానికి పేజీ బాగానే ఉంటుంది. పైన లోగో, కింద అందమైన ఫొటో, బొద్దు అక్షరాల్లో "కావలసినవి", కొలతలు, పద్ధతి. కానీ ఇండెక్సర్ వైపు నుంచి చూస్తే టైటిల్ ఖాతాలో "హోమ్" అన్న మాట ఉంది, అదీ నలభై పేజీలకీ అదే. పెద్ద హెడ్డింగ్ ట్యాగ్‌లో ఉన్నది బొమ్మ, బొమ్మని మాటల్లో చెప్పే alt దానికి లేదు, కాబట్టి హెడ్డింగ్ ఖాళీ. లింకు ద్వారా వచ్చిన మాటలు "పూర్తిగా", "చదవండి", అవి కూడా నలభై పేజీలకీ ఉమ్మడి. "ఆవకాయ" అన్న మాట ఒక్క పాఠంలోనే ఉంది. అంటే మూడు గట్టి సాక్ష్యాల్లో ఒక్కటి కూడా ఈ పేజీ ఆవకాయ గురించి అని చెప్పట్లేదు. పాఠం చదివి గూగుల్ ఊహించుకోగలదు, ఊహిస్తుంది కూడా. కానీ అదే విషయం మీద మూడు చోట్లా స్పష్టంగా చెప్పిన పేజీ పక్కన ఉంటే, ఊహ మీద ఆధారపడిన పేజీ వెనకబడుతుంది.

సరిచేశాక ఇలా ఉంటుంది:

```html
<title>ఆవకాయ కొలతలు: కిలో ముక్కలకి కారం, ఉప్పు, ఆవపిండి</title>
<h1>ఆవకాయ పెట్టే పద్ధతి, కొలతలు</h1>
<h2>ముక్కలు మెత్తబడకుండా ఉండాలంటే</h2>
```

```html
<a href="/post?id=37">ఆవకాయ కొలతలు</a>
```

యూఆర్‌ఎల్ మార్చలేదని గమనించాలి. యూఆర్‌ఎల్‌లో మాట ఉంటే కొంచెం మేలే, కానీ ఇప్పటికే ఇండెక్స్‌లో ఉన్న చిరునామాని మారిస్తే పాత లింకులన్నిటికీ, వాటిని కొత్త చిరునామాకి మళ్లించే 301 రీడైరెక్ట్ పెట్టుకోవాలి. ఆ ఒక్క చిన్న మేలు కోసం అంత పని పెట్టుకోవడం ఎక్కువ సందర్భాల్లో అనవసరం.

## టైటిల్: రాసింది ఒకటి, కనిపించేది ఇంకొకటి

టైటిల్ గురించి కొత్తవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం, రాసిన టైటిల్ కాకుండా ఫలితాల్లో వేరేది కనిపించడం. 2021 ఆగస్టులో గూగుల్ ఫలితాల్లో చూపించే టైటిళ్లని తయారుచేసే పద్ధతి మార్చింది. చాలా సైట్లవాళ్లు గగ్గోలు పెట్టాక, సెప్టెంబరులో కొన్ని సవరణలు చేసి, 87 శాతం సందర్భాల్లో `<title>`లో ఉన్నదే వాడుతున్నామని చెప్పింది. మిగతా సందర్భాల్లో పేజీ పైన కనిపించే పెద్ద శీర్షిక, హెడ్డింగ్ ట్యాగ్‌లు, పేజీకి వచ్చే లింకుల మీది మాటలు లాంటి వాటి నుంచి తీసుకుంటుంది.

ఇక్కడ చూపించే టైటిల్ వేరు, ర్యాంకింగ్‌కి లెక్కలోకి తీసుకునే టైటిల్ వేరు అన్నది గుర్తుపెట్టుకోవాలి. ఫలితాల్లో వేరే మాటలు చూపించినా, ర్యాంకింగ్‌కి `<title>`లో రాసిందే చూస్తామని గూగుల్ ప్రతినిధులు అప్పట్లోనే స్పష్టం చేశారు. కాబట్టి టైటిల్ మారి కనిపిస్తే భయపడటం కంటే కారణం వెతకడం మంచిది. కారణాలు సాధారణంగా నాలుగైదే: టైటిల్ ఖాళీగా ఉండటం, పాతబడిపోవడం (పేజీలో 2025 అని ఉండి టైటిల్‌లో 2022 అని ఉండటం లాంటిది), అన్ని పేజీలకీ ఒకటే టైటిల్ ఉండటం, కీవర్డులు కూరి ఉండటం, టైటిల్‌లో చెప్పింది పేజీలో లేకపోవడం. మన ఉదాహరణలోని "హోమ్" ఇందులో మూడో రకం. దాన్ని గూగుల్ తప్పకుండా మార్చే ప్రయత్నం చేస్తుంది. కానీ మార్చడానికి హెడ్డింగ్ ఖాళీ, లింకు మాట "పూర్తిగా చదవండి". తీసుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

పొడవు గురించి "60 అక్షరాలు దాటకూడదు" అనే నియమం అందరూ చెబుతుంటారు. గూగుల్ అలాంటి హద్దేమీ పెట్టలేదు. టైటిల్ ఎంత పొడవున్నా ఉండొచ్చు. ఫలితాల్లో చూపించేటప్పుడు పరికరం వెడల్పుని బట్టి కత్తిరిస్తుంది. ఇది అక్షరాల లెక్క కాదు, తెరమీద పట్టే చోటు లెక్క. అందుకే తెలుగు టైటిళ్లకి ఇంగ్లిష్ అక్షరాల లెక్క సరిపోదు. "కొ" అనేది ఒక్క అక్షరంగా కనిపించినా కంప్యూటర్ లెక్కలో హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి. పైగా మన అక్షరాలు వెడల్పు. ఏదో ఒక ఉపకరణం "72 అక్షరాలు, ఎక్కువైంది" అని ఎర్రగా చూపిస్తే దాన్ని నమ్మి కోసేయడం కంటే, ఫోన్‌లో వెతికి కళ్లతో చూసుకోవడం నయం. ముఖ్యమైన మాటలు ముందుంటే చివర తెగినా నష్టం తక్కువ. ప్రతి టైటిల్ మొదట సైట్ పేరు పెట్టే అలవాటు ఈ ఒక్క కారణానికే మానుకోదగ్గది.

## హెడ్డింగ్‌లు: పేజీ లోపలి సరిహద్దులు

హెడ్డింగ్‌ల మీద ఉన్నన్ని కట్టుబాట్లు ఇంకే ట్యాగ్ మీదా లేవు. `h1` ఒక్కటే ఉండాలి, `h2` తర్వాత `h3`నే రావాలి, ఇన్ని ఉండాలి అంటూ చాలా చెబుతారు. గూగుల్ తన మార్గదర్శకంలో హెడ్డింగ్‌ల వరస తప్పినా సెర్చ్‌కి ఇబ్బంది లేదని, ఇన్నే ఉండాలన్న మంత్రసంఖ్య ఏదీ లేదని రాసింది. రెండు `h1`లు ఉన్నంత మాత్రాన పేజీ పడిపోదు. అయితే తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేనివాళ్లు హెడ్డింగ్‌ల వరసని పట్టుకునే పేజీలో తిరుగుతారు. వరస సరిగ్గా ఉంచడానికి ఆ ఒక్క కారణం చాలు.

ర్యాంకింగ్‌లో హెడ్డింగ్ అసలు ఉపయోగం పేజీని భాగాలుగా అర్థం చేసుకోవడంలో ఉంది. గూగుల్ 2020 అక్టోబరులో ప్రకటించి, 2021 ఫిబ్రవరిలో అమెరికా ఇంగ్లిష్ ఫలితాలతో మొదలుపెట్టిన మార్పు ఒకటుంది. పేజీ మొత్తం వేరే విషయం గురించి అయినా, అందులో ఒక భాగం వెతికిన దానికి సరిగ్గా సరిపోతే ఆ భాగాన్ని విడిగా అంచనా వేసి పేజీని పైకి తెస్తుంది. ఆవకాయ పేజీకి కొలతల గురించి వచ్చేవాళ్లు కొందరైతే, "ఆవకాయ ముక్కలు మెత్తబడ్డాయి ఎందుకు" అని వచ్చేవాళ్లు కొందరు. రెండో ప్రశ్నకి జవాబు పేజీలో రెండు పేరాలే ఉండొచ్చు. వాటి పైన "చిట్కాలు" అని రాస్తే ఆ పేరాలు దేని గురించో ఆ హెడ్డింగ్ చెప్పదు. "ముక్కలు మెత్తబడకుండా ఉండాలంటే" అని రాస్తే చెబుతుంది. దీన్ని బట్టి హెడ్డింగ్ పని టైటిల్‌ని తిరిగి చెప్పడం కాదని తెలుస్తుంది. ఎనిమిది హెడ్డింగ్‌లలోనూ "ఆవకాయ" అని కూరితే ఎనిమిది భాగాలకీ మధ్య తేడా చెరిగిపోతుంది.

బొద్దు అక్షరాలు హెడ్డింగ్‌కి బదులు కావు. `<b>`తో పెద్దగా కనిపించేలా చేసిన మాట మనకి శీర్షికే అయినా, దాని కింద పేరాలు ఎక్కడిదాకా దానికి చెందుతాయో ఆ ట్యాగ్ చెప్పదు. ఇక తెలుగు సైట్లలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. డీటీపీలో వాడే యూనికోడ్ కాని ఫాంట్లలో, అను ఫాంట్ల లాంటి వాటిలో టైప్ చేసిన శీర్షికని అలాగే తెచ్చి వెబ్‌లో అతికిస్తే, ఫాంట్ ఉన్నచోట అది తెలుగులాగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఇండెక్స్‌లోకి ఆ గందరగోళమే వెళ్తుంది. దాన్ని తప్పించుకోవడానికి శీర్షికని బొమ్మగా పెట్టేవాళ్లూ ఉన్నారు, అప్పుడు హెడ్డింగ్‌లో మాటే ఉండదు. అనుమానం వస్తే శీర్షికని కాపీ చేసి మామూలు నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. అక్కడ తెలుగు కనిపిస్తే ఇండెక్స్‌లోనూ తెలుగే.

ప్రత్యయాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలుగులో "ఆవకాయ", "ఆవకాయకి", "ఆవకాయలో" అన్నవి సాదా ఇండెక్స్‌కి మూడు వేరు వేరు మాటలు. వాటిని ఒకటే అని గుర్తించడం సెర్చ్ ఇంజిన్ అదనంగా చేసుకోవాల్సిన పని, ప్రతి మాటకీ అది కుదురుతుందని లెక్కవేసుకోకూడదు. అందుకే టైటిల్‌లోనూ ముఖ్యమైన హెడ్డింగ్‌లోనూ మాట ఒక్కచోటైనా ప్రత్యయం లేకుండా, వెతికేవాళ్లు టైప్ చేసే రూపంలో ఉండేలా చూసుకుంటే చాలు.

## యాంకర్ టెక్స్ట్: మన పేజీ గురించి ఇతరుల మాట

బ్రిన్, పేజ్ తమ పేపర్‌లో యాంకర్‌ని లింకు చేరే పేజీకి జమకట్టడానికి రెండు కారణాలు చెప్పారు. ఒకటి, పేజీ తన గురించి చెప్పుకునే దానికంటే ఇతరులు ఇచ్చే వర్ణన తరచుగా కచ్చితంగా ఉంటుంది. రెండు, బొమ్మలు, ప్రోగ్రాములు లాంటి పాఠం లేని వాటిని కూడా దీని ద్వారా ఇండెక్స్ చేయొచ్చు. అప్పటి వాళ్ల ఇండెక్స్‌లో 2 కోట్ల 40 లక్షల పేజీలుంటే, యాంకర్లు 25 కోట్ల 90 లక్షల పైనే. ఇది వాళ్లు కనిపెట్టింది కూడా కాదు, 1994 నాటి వరల్డ్ వైడ్ వెబ్ వర్మ్ అనే సెర్చ్ ఇంజిన్‌లోనే ఈ ఆలోచన ఉంది. 2001లో క్రాస్‌వెల్, హాకింగ్, రాబర్ట్‌సన్ చేసిన పరిశోధనలో, ఒక సంస్థ సైట్‌ని పేరుతో వెతికే సందర్భంలో పేజీ పాఠం కంటే యాంకర్ టెక్స్టే మెరుగైన ఫలితాలు ఇచ్చిందని తేలింది. సంస్థ మొదటి పేజీలో తరచుగా లోగో, ఫొటోలే ఎక్కువ. దాని పేరుని మాటల్లో రాసేది దానికి లింకు ఇచ్చేవాళ్లు.

ఈ బలమే బలహీనత కూడా. 2003లో అమెరికాలో కొందరు కూడబలుక్కుని "miserable failure" అన్న మాటల మీద అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ అధికారిక జీవిత చరిత్ర పేజీకి లింకులు ఇచ్చారు. ఆ మాటలు ఆ పేజీలో లేకపోయినా వాటికి మొదటి ఫలితం అదే అయింది. ఇలాంటి పనులకి గూగుల్ బాంబులని పేరొచ్చింది. 2007 జనవరిలో గాని గూగుల్ వీటిని అడ్డుకునే మార్పు తేలేదు. అప్పటికే వ్యాపారులు అదే కిటుకుని డబ్బు కోసం వాడటం మొదలైంది. ఒకే కీవర్డుతో వందల లింకులు కొనడం ఒక పరిశ్రమ అయింది. 2012 ఏప్రిల్ 24న వచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ ముఖ్యంగా ఇలాంటి లింకుల మోసాల మీదే. 2016 సెప్టెంబరులో అది మూల అల్గారిథంలో భాగమైంది. అప్పటి నుంచి అలాంటి లింకుల విలువని తీసేయడం వైపే ఎక్కువ మొగ్గింది.

మోసం ఎలా బయటపడుతుందో ఆలోచిస్తే యాంకర్ స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆవకాయ పేజీని నిజంగా మెచ్చుకున్న ఇరవైమంది లింకు ఇస్తే ఒకరు "ఆవకాయ కొలతలు" అంటారు, ఒకరు సైట్ పేరు రాస్తారు, ఒకరు యూఆర్‌ఎల్ అతికిస్తారు, ఇంకొకరు "ఇక్కడ చూడండి" అంటారు. ఇరవైమందీ అక్షరం పొల్లుపోకుండా "బెస్ట్ ఆవకాయ పచ్చడి ఆన్‌లైన్" అని రాస్తే అది మనుషులు రాసినట్టు ఉండదు. కాబట్టి బయటి లింకుల మీద మాటని శాసించే ప్రయత్నమే కొత్తవాళ్లు చేయకూడదు. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకుకి `rel="sponsored"` పెట్టాలని గూగుల్ 2019 నుంచి అడుగుతోంది. లింకుని సిఫారసుగా లెక్కించొద్దని చెప్పే `nofollow` 2005 నుంచే ఉంది.

మన చేతిలో పూర్తిగా ఉన్నది సైట్ లోపలి లింకులు. నలభై పేజీల సైట్‌కి బయటి లింకు ఒక్కటీ లేకపోవచ్చు, లోపలి లింకులు మాత్రం వందల్లో ఉంటాయి. వాటి మీద అన్నిచోట్లా "పూర్తిగా చదవండి" అని ఉంటే, ఉచితంగా దొరికే సాక్ష్యాన్ని వదులుకున్నట్టే. అలాగని ఒకే మాటని రెండు పేజీలకి పంచకూడదు. పచ్చళ్ల జాబితా పేజీకి మెనూలో "ఆవకాయ" అని, కొలతల పేజీకి కూడా "ఆవకాయ" అని లింకులిస్తే, ఆ మాటకి ఏ పేజీ అసలుదో సైటే తేల్చి చెప్పలేకపోతోందని అర్థం. జాబితా పేజీకి "ఊరగాయలు", వంటకం పేజీకి "ఆవకాయ కొలతలు" అని విడదీస్తే సరిపోతుంది. బొమ్మ మీద లింకు ఉంటే బొమ్మ alt మాటే యాంకర్‌గా లెక్కలోకి వస్తుంది. `<a href>` లేకుండా జావాస్క్రిప్ట్ క్లిక్‌తో మాత్రమే తెరుచుకునే బటన్‌ని గూగుల్ లింకుగా అనుసరిస్తుందన్న నమ్మకం లేదు.

యాంకర్ టెక్స్ట్ స్వతంత్రంగా పనిచేస్తుందనడానికి సైట్ యజమానులకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో కనిపించే ఒక హెచ్చరికే రుజువు: "Indexed, though blocked by robots.txt". ఒక పేజీని robots.txtలో అడ్డుకుంటే గూగుల్ దాన్ని తెరవదు. టైటిల్, హెడ్డింగ్, పాఠం ఏదీ చూడదు. అయినా దానికి లింకులు ఉంటే ఆ మాటల ఆధారంగా దాన్ని ఇండెక్స్‌లో పెట్టి, వాటి నుంచే ఒక టైటిల్ తయారుచేసి చూపించగలదు. పేజీ ఫలితాల్లో అసలు రాకూడదంటే అడ్డు తీసేసి పేజీలో `noindex` పెట్టాలి. తెరవనిస్తేనే ఆ ట్యాగ్‌ని చదవగలదు.

## మార్పు పనిచేసిందో లేదో చూడటం

మార్చిన తర్వాత సెర్చ్ కన్సోల్‌లో URL Inspection తెరిచి, గూగుల్ చివరిసారి తెచ్చుకున్న హెచ్‌టీఎంఎల్‌ని చూడాలి. అక్కడ కొత్త టైటిల్ లేకపోతే ఇంకా ఏమీ మొదలవలేదని అర్థం. చిన్న సైట్‌కి తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. లింకులిచ్చే పేజీల్ని కూడా గూగుల్ మళ్లీ చదవాలి కాబట్టి యాంకర్ మార్పు ఇంకా నెమ్మది. Links రిపోర్టులో "Top linking text" బయటివాళ్లు ఏ మాటలతో లింకులిస్తున్నారో చూపిస్తుంది. లోపలి లింకుల సంఖ్య అదే రిపోర్టులో ఇంకో చోట ఉంటుంది, కానీ వాటి మీది మాటలు అక్కడ కనిపించవు. అవి మన కోడ్‌లోనే చూసుకోవాలి.

అసలు ఫలితం Performance రిపోర్టులో తెలుస్తుంది. "ఆవకాయ కొలతలు" అన్న ప్రశ్నని ఎంచుకుని Pages ట్యాబ్ తెరిస్తే, ఆ ప్రశ్నకి సైట్ నుంచి ఏ పేజీలు కనిపించాయో వస్తుంది. రెండు పేజీలు మారి మారి కనిపిస్తుంటే పైన చెప్పిన యాంకర్ల గందరగోళం తీరలేదని అనుమానించాలి. ప్రశ్నల జాబితాలో తెలుగు లిపిలో టైప్ చేసినవాళ్లతో పాటు "avakaya kolathalu" అని ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు గణనీయంగా ఉంటే ఆ రూపాన్ని పేజీ మొదటి పేరాలో ఒకసారి సహజంగా రాయొచ్చు. టైటిల్‌లో నాలుగు స్పెల్లింగులు వరసపెట్టడం మాత్రం వద్దు.

టైటిల్ మార్చాక స్థానం ఏమీ మారకుండా క్లిక్కులు మాత్రం పెరిగితే, ఆ మార్పు ర్యాంకింగ్‌లో కాకుండా చదివేవాళ్ల నిర్ణయంలో పనిచేసిందని అర్థం. స్థానం, క్లిక్కులు రెండూ మారకపోతే టైటిల్‌ని వారానికోసారి మారుస్తూ కూర్చోవడం వృథా. వెతికినవాళ్లకి కావాల్సిన కొలతలు, కారణాలు పోటీ పేజీల్లో ఉండి మన పేజీలో లేకపోవడం అసలు లోటు కావచ్చు. టైటిల్, హెడ్డింగ్, యాంకర్ మూడూ పేజీలో ఉన్నదాన్ని ఇండెక్స్‌కి చెప్పగలవు. లేనిదాన్ని చెబితే ఏమవుతుందో 2012లో చాలా సైట్లకి తెలిసొచ్చింది.